హారతి వేళ నిలువు ఫోను

హారతి గంట మోగగానే చేతులు పైకి లేవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇదివరకు అవి ఖాళీగా లేచి జోడయ్యేవి. ఇప్పుడు ఫోనుతో లేస్తున్నాయి. వెనక నిలబడ్డ పొట్టివాళ్లకి, అంటే నాబోటివాళ్లకి, స్వామి బదులు ఎవరిదో ఫోనులో బొటనవేలెడంత స్వామి దర్శనమిస్తాడు. తియ్యొద్దని అనను, నేనూ తీస్తాను. తీసే పద్ధతొకటుందంటాను.

నిలువు వీడియోని చూసి మొహం చిట్లించే పెద్దమనుషులతో నాకు పేచీ ఉంది. గుడిలో అడ్డంగా ఉన్నదేమిటండీ? ధ్వజస్తంభం నిలువు, గోపురం నిలువు, నిలుచున్న స్వామి నిలువు, గర్భగుడి ద్వారబంధం నిలువు. తొమ్మిదికి పదహారు కొలత కనిపెట్టినవాడు మన గుడి గుమ్మం చూసే ఉంటాడని నా అనుమానం. చిక్కల్లా హారతి పళ్లెంతోనే. అది గుండ్రంగా తిరుగుతుంది. దగ్గరగా తీస్తే చుట్టుకి రెండుసార్లు ఫ్రేము దాటిపోతుంది. దాన్ని వెంటాడుతూ ఫోను తిప్పితే చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. కదపకుండా పట్టుకుంటే పళ్లెం పోయినప్పుడు చీకటి, వచ్చినప్పుడు అర్చకుడి భుజం మీద వెలుగు. అదే అందం.

మా ఊరి వేణుగోపాలస్వామి గుడిలో ధనుర్మాసపు హారతి తియ్యాలనుకుని ముందురోజే ఆచార్యులవారిని అడిగాను. "మూలవిరాట్టుని తియ్యకు బాబూ, దీపాన్ని తీసుకో" అన్నారు. ఆ ఒక్క మాటతో ఎక్కడ నిలబడాలో తేలిపోయింది. ముఖమండపంలో ఎడమవైపు ముందు స్తంభం. అక్కణ్ణుంచి ఏటవాలుగా చూస్తే ద్వారబంధం, అర్చకుడి భుజం, పళ్లెం కనిపిస్తాయి. స్వామి గోడచాటున ఉంటాడు. నడిమి దారికి అడ్డం ఉండదు, హారతి భక్తుల దగ్గరికి వచ్చేది ఆ దారినే. భుజం స్తంభానికి ఆనించి, మోచేతులు పక్కటెముకలకి అదిమి, ఫోను గుండె ఎత్తులో పట్టుకుంటే స్టాండు అక్కర్లేదు. ఫ్లాష్ ఆపాలి, తెర వెలుతురు తగ్గించాలి. చీకటి మండపంలో వెలిగే తెర వెనకవాళ్ల కంట్లో నలుసే.

తియ్యాల్సినవి ఎక్కువ లేవు. జనం రాకముందు మూడు: మంచులో ధ్వజస్తంభం, వత్తి సవరించే వేళ్లు, పళ్లెంలో కర్పూరం పెట్టడం. తలా ఆరేడు సెకన్లు చాలు. హారతికి ఒక్కటే షాటు, తెర తొలగిన దగ్గర్నుంచి కర్పూరం కొండెక్కేదాకా. ఆ తర్వాత మంట మీదినుంచి కళ్లకద్దుకునే చేతులు, వెనకనుంచి. కళ్లు మూసుకున్నవాళ్ల మొహాలు మనవి కావు. రీల్‌లో కిందిభాగం మీద పేరూ రాతలూ వచ్చి కూర్చుంటాయి గనక పళ్లేన్ని అక్కడికి దిగనివ్వకూడదు.

అసలు పని చెడేది వెలుతురు దగ్గర. ఫోను చీకటిని చూసి కంగారుపడి అంతా పెంచేస్తుంది. కర్పూరం అంటుకోగానే మంట తెల్లటి ముద్దయిపోతుంది. అందుకని అర్చన జరుగుతున్నప్పుడే, లోపలి నూనెదీపం మీద వేలు నొక్కిపట్టి వెలుతురుకి తాళం వేసి, మంట అంచులో పసుపు కనిపించేదాకా కిందికి లాగాలి. మండపం చీకటైపోయినా ఫర్వాలేదు. గోడమీద నల్లచారలు పాకుతుంటే అది ట్యూబులైటు చేసే అల్లరి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంత చేసినా సర్దుకోనిది ఒకటుంది. దాతల పేర్లు రాసి గోడవార నిలబెట్టిన కరెంటు డోలు. స్విచ్ వెయ్యగానే రెండు గంటలూ ఒక నగారా కలిసి రేకుల షెడ్డు కూలినట్టు మోగుతాయి. ఆ మోతకి ఫోను తనంతట తాను శబ్దం తగ్గించుకుంటుంది. దాంతో మంత్రం అడుగున పడిపోతుంది. వేరే రికార్డరు పెట్టినా అంతే, అసలే వినిపించనిది ఏ యంత్రం పడుతుంది? ఇదివరకు మా గుడిలో ఒక సన్నాయి ఆయన ఉండేవాడు. చలికి పీక మొరాయిస్తే దాన్ని నోట్లో పెట్టుకుని తడిపి, రెండు పలుకులు సరిచూసుకుని, అర్చకుడి చెయ్యి ఎలా తిరిగితే అలా పాట సాగదీసేవాడు. కర్పూరం గాలికి రెపరెపలాడితే ఆయనా ఒక్కక్షణం ఆగేవాడు. డోలాయన ఆయన మొహం చూసి దెబ్బ వేసేవాడు. యంత్రం ఎవరి మొహం చూస్తుంది? హారతి అయిపోయినా ఎవరో వెళ్లి స్విచ్ తీసేదాకా బాదుతూనే ఉంటుంది. అది వచ్చిన ఏడాదే సన్నాయికి ఇచ్చే నెలజీతం దండగన్నారు.

గుడికి ఏదైనా ఇవ్వాలని చూస్తున్న దాతలకి మనవి: ఈసారి యంత్రం కొనకండి. ఆ డబ్బుతో ధనుర్మాసం నెల్లాళ్లూ ఒక సన్నాయినీ ఒక డోలునీ పిలిపించండి. మీ పేరు గోడమీద కావాలంటే రాయించుకోండి, ఎవరూ కాదనరు.