మేడమ్‌కి మేము రెండోసారి రాసిన మెయిల్

థీసిస్ రాస్తున్నవాళ్ళు గైడ్‌కి మెయిల్ ఎలా రాయాలని ఈ మధ్య గ్రూపులో అడిగారు. మా రూములో ముగ్గురం కలిసి ఒకటే థీసిస్ చేస్తున్నాం కాబట్టి మాకు జరిగింది రాస్తున్నాం.

మా విషయం మిర్చి. కోత అయ్యాక రైతు టిక్కీలను వెంటనే గుంటూరు యార్డులో అమ్ముతాడా, రేటు కోసం కోల్డ్ స్టోరేజీలో పెడతాడా అన్నది ప్రశ్న. గుంటూరు, ప్రకాశం వైపు నాలుగు ఊళ్ళు తిరిగి 96 మంది రైతుల్ని అడిగాం. నిల్వ పెట్టినవాళ్ళు 29 మంది. జవాబు అవును, కాదు అనే రెండే కాబట్టి లాజిస్టిక్ రిగ్రెషన్ వాడాం. ఎకరాలు, కౌలు, చదువు, కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు, అన్నీ అందులో పెట్టాం.

చాప్టర్ రాసి మొదటి మెయిల్ పంపాం: "మేడమ్, చాప్టర్ అటాచ్ చేశాం, దయచేసి ఫీడ్‌బ్యాక్ ఇవ్వగలరు." మేడమ్ నుంచి ఒక్క లైను వచ్చింది: "దేని మీద?" ఆ రాత్రి మెస్‌లో ఎవరం సరిగా తినలేదు. నిజం చెప్పాలంటే దేని మీదో మాకూ తెలియదు.

మళ్ళీ చాప్టర్ తీసి చదివాం. అందులో మేమే రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాం: "వ్యాపారి అప్పుకు, నిల్వకు సంబంధం లేదు." పి-వాల్యూ 0.99 వచ్చిందని అలా రాసేశాం. మిర్చి కోతకి చిన్నప్పటి నుంచి వెళ్ళినవాళ్ళం, కల్లంలో ఎవర్ని అడిగినా అప్పు గురించే చెప్పారు. కంప్యూటరు మాత్రం లేదంటోంది. అనుమానం వచ్చి మామూలు పట్టిక వేసి చూశాం. అడ్డ వరుస అప్పు, నిలువు వరుస నిల్వ. 1 అంటే ఉంది, 0 అంటే లేదు.

```
table(d$appu, d$nilva)
     0  1
  0 33 29
  1 34  0
```

అప్పున్న 34 మందిలో నిల్వ పెట్టినవాడు ఒక్కడు కూడా లేడు! తేలిగ్గా అర్థమవ్వాలని అప్పు ఒక్కటే పెట్టి మోడల్ మళ్ళీ నడిపాం.

```
       Estimate Std. Error z value Pr(>|z|)
appu     -19.44    1844.30   -0.01    0.992
```

ఒక గడిలో సున్నా ఉంటే లాజిస్టిక్ మోడల్‌కి ఆ కోఎఫిషియెంట్ ఎక్కడ ఆగాలో తెలియదు. ఇంకా కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒకచోట విసుగొచ్చి ఆపేస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ 1844 అంత పెరిగిపోయి, అన్నిటికన్నా గట్టి కారణమే పనికిరానిదానిలా కనపడుతుంది. దీన్ని సెపరేషన్ అంటారు. మాకు స్క్రీన్ మీద ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. ఆ పెద్ద ఎర్రర్‌ని చూసే పట్టుకోవాలి.

అప్పుడు రెండో మెయిల్ రాశాం. పట్టిక, ఆ అవుట్‌పుట్ లైను మెయిల్‌లోనే పెట్టాం, అటాచ్‌మెంట్ తెరవక్కర్లేకుండా. కింద ప్రశ్నలు ఇవీ:

"మేడమ్, అప్పుకు సంబంధం లేదని 4వ పేజీలో రాసింది తప్పు. అప్పు లేని మోడల్‌తో పోల్చి లైక్లీహుడ్ రేషియో టెస్ట్ చేస్తే విలువ 31.9 వచ్చింది, అంటే సంబంధం బలంగానే ఉంది. దీన్ని సరిచేయడానికి మాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి మామూలు లీనియర్ మోడల్: అప్పుంటే నిల్వ అవకాశం 47 పాయింట్లు తక్కువ అని చెప్తుంది, చదివేవాళ్ళకి సులువు. కానీ మిగతా కారణాలు కూడా కలిపితే కొందరు రైతులకి అవకాశం సున్నా కన్నా తక్కువ వస్తోంది. రెండోది ఫర్త్ పద్ధతి, `logistf`తో: అప్పు ఒక్కటే ఉన్నప్పుడు ఇది పట్టికలో ప్రతి గడికీ అర కలిపినట్టు పని చేసి −4.1 దగ్గర ఆగుతుంది. మేము ఫర్త్‌ని ముఖ్యంగా, లీనియర్‌ని పక్కన పెట్టి చూపిద్దామనుకుంటున్నాం. ఇది సరేనా?

ఇంకొకటి. అప్పిచ్చిన వ్యాపారికే సరుకు వేయాలన్న షరతు ఉంటే, అప్పు అనేది కారణమా, లేక 'నిల్వ పెట్టలేడు' అన్నదానికే ఇంకో పేరా? రెండోదైతే ఆ 34 మందిని విడిగా వివరించి, మిగతా 62 మంది మీదే మోడల్ నడపాలా?"

నాలుగు ఊళ్ళకి స్టాండర్డ్ ఎర్రర్ క్లస్టర్ చేయాలా అన్న ప్రశ్న కూడా మొదట రాశాం. నాలుగు క్లస్టర్లు చాలా తక్కువని మాకే తెలుసు కాబట్టి తీసేశాం. తెలిసింది అడిగితే టైము వేస్టు.

ఈసారి మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. ఫర్త్ సరే అన్నారు. రెండో ప్రశ్నకి మాత్రం తిరిగి ప్రశ్నే వేశారు: "34 మందికీ షరతు ఉందని మీకెలా తెలుసు? అడిగారా, అనుకున్నారా?"

అడగలేదు. మా ఫారంలో ఆ ప్రశ్నే లేదు. శనివారం పొద్దున బస్సుకి మళ్ళీ ఆ ఊళ్ళకి పోతున్నాం, 34 పేర్ల లిస్టు పట్టుకుని.