మా గది నుంచి వెళ్లిన ఒక ఉత్తరం



పోయిన నెల మా హాస్టల్ గది నుంచి ఒక ఉద్యోగ ఉత్తరం వెళ్లింది. విశాఖలో ఎనిమిది మంది పనిచేసే చిన్న కంపెనీకి. ఆస్పత్రులకి, స్కూళ్లకి వెబ్‌సైట్లు చేసే ఆఫీసు అది. ఉద్యోగం పేరు జూనియర్ ఫ్రంట్ ఎండ్. అంటే సైటులో కంటికి కనిపించే భాగం రాసే పని: ఫోన్‌లో ఎలా కనపడాలి, ఏది నొక్కితే ఏం జరగాలి, అదంతా. ఉత్తరం మాలో ఒకడి పేరుతోనే వెళ్లింది. కానీ గదిలో ముగ్గురం కూర్చుని నాలుగు రోజులు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాం. అందుకే ఈ పోస్టు కూడా ‘మేము’ అనే రాస్తున్నాం. ఎవడి పేరుతో వెళ్లిందో అడక్కండి, వాడికి సిగ్గు.

మేం ముగ్గురం డిగ్రీ మూడో సంవత్సరం. ఎవరిదీ కంప్యూటర్ కోర్సు కాదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కొంచెం జావాస్క్రిప్ట్ ఫోన్‌లో వీడియోలు చూసి, ముగ్గురికీ కలిపి ఉన్న ఒక్క పాత లాప్‌టాప్ మీద నేర్చుకున్నాం. ప్రకటనలో ‘రెజ్యూమెతో పాటు కవర్ లెటర్ పంపాలి’ అని ఉంది. రెజ్యూమె అంటే తెలుసు. ఈ కవర్ లెటర్ ఏటో తెలీదు.

మొదటి ఉత్తరం రాశాక తెలిసింది, మేము అప్పటిదాకా రాసినవన్నీ అర్జీలేనని. స్కాలర్‌షిప్ పడలేదని, హాస్టల్‌లో మోటారు కాలిపోయిందని పీఓ గారికి రాసిన అలవాటు చేతికి ఎక్కేసింది. ఇదీ అలాగే వచ్చింది: నిరుపేద గిరిజన కుటుంబం, తల్లిదండ్రులు చదువుకోలేదు, తమరు దయతలచి అవకాశం ఇప్పించగలరు, ఇట్లు తమ విధేయుడు. మా ఊరి వైపు అన్న ఒకాయన ఐదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు, ఆయనకి పంపాం. రాత్రి ఫోన్ చేసి ఒకటే అడిగాడు: “ఒరే, ఇందులో అంతా నిజమే. కానీ నీకు పేజీ రాయడం వచ్చో రాదో ఎక్కడుంది?”

రెండోది నెట్‌లో దొరికిన నమూనా చూసి రాశాం. కష్టపడే స్వభావం, త్వరగా నేర్చుకునే గుణం, జట్టుతో కలిసి పనిచేసే నైపుణ్యం. ఇంగ్లీషులో చదువుతుంటే మాకే ముచ్చటేసింది. అన్న ఇది చూసి, “కంపెనీ పేరు మార్చి దీన్ని బ్యాంకుకి కూడా పంపొచ్చు కదరా” అన్నాడు. ఆయన చెప్పింది ఇది: చిన్న ఆఫీసులో ఈ ఉత్తరాలు చదవడానికి వేరే మనిషి ఉండడు. కోడ్ రాసే మనిషే పని మధ్యలో ఒక నిమిషం చూస్తాడు. ఆ నిమిషంలో నువ్వు చేసిన పేజీ లింకు నొక్కాలనిపించాలి. నొక్కాక అక్కడ కనపడేది, ఉత్తరంలో నువ్వు చెప్పింది ఒకటే అవ్వాలి.

మా దగ్గర లింకు ఉంది. మా పాడేరు వైపు సంతల పేజీ. ఏ సంత ఏ రోజో, మన ఊరికి ఏది దగ్గరో వెతుక్కునే చిన్న పేజీ, గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టాం. ఇక దాని గురించి రాసేస్తే చాలనుకున్నాం. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

‘మేము ఈ పేజీ చేశాం’ అని రాశాం. అన్న ‘మేము’ కింద గీత గీసి పంపాడు. ఉద్యోగం ఒకడికి, పేజీ ముగ్గురిదా? ఎవరేం చేశారు? మన ఇళ్లల్లో పోడైనా, పెళ్లైనా అందరిదీ. ‘నేను చేశాను’ అంటే గొప్పలు పోతున్నట్టు ఉంటుంది. ఆ రాత్రి ముగ్గురం కూర్చుని లెక్క వేసుకున్నాం. సంతల వివరాలు ఇళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నది ఒకడు. పేజీ అమరిక, తెలుగు అక్షరాల పని మొత్తం ఉత్తరం పంపేవాడిది. వెతికే జావాస్క్రిప్ట్ ఇంకొకడు మొదలుపెడితే వీడు పూర్తి చేశాడు. ఈ లెక్క వేస్తుంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది, పంపకాలు చేసుకున్నట్టు.

ఇంకో సంగతి అప్పుడే బయటపడింది. గిట్‌లో మార్పు చేసి భద్రపరిచిన ప్రతిసారీ, అది చేసిన మనిషి పేరు, మెయిల్ నమోదవుతాయి. గిట్‌హబ్ ఆ మెయిల్‌ని బట్టే ఇది ఫలానా వాళ్ల పని అని చూపిస్తుంది. లాప్‌టాప్ ఒక్కటే కాబట్టి, ముగ్గురం చేసిందంతా లాప్‌టాప్ గలవాడి పేరు మీదే ఉంది. ఉత్తరం పంపేవాడి పేరు ఒక్కచోటా లేదు! కంపెనీవాళ్లు చరిత్ర తెరిచి చూస్తే, ఎవరిదో పేజీ తనదని చెప్పుకుంటున్నాడనే అనుకుంటారు. పాత నమోదుల్లో పేరు మార్చే దారి ఉంది గానీ, అన్న వద్దన్నాడు, ఉత్తరంలోనే చెప్పేయమన్నాడు. ఇక ముందు జరగకుండా ఎవరి ఫోల్డర్ వాళ్లు వేరు చేసుకుని, అందులో ఈ రెండు లైన్లు మన వివరాలతో ఇచ్చుకుంటున్నాం. ఒకే కంప్యూటర్ పంచుకునే తమ్ముళ్లు ఇవాళే చేసుకోండి.

```
git config user.name "మీ పేరు"
git config user.email "మీ మెయిల్"
```

తర్వాత, మాకు వచ్చిన పని ఏదో ఒకటి గట్టిగా చూపించాలి. పది విషయాలు జాబితా వేస్తే ఏదీ గుర్తుండదు. మేము ఎంచుకున్నది తెలుగు వత్తుల సమస్య. మా పేజీలో మొదట ‘చింతపల్లి’, ‘ముంచంగిపుట్టు’ అని రాస్తే కింద వత్తులు సగానికి తెగిపోయేవి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎత్తు పెట్టి, దాన్ని దాటింది కనపడకుండా చేశాం. ఇంగ్లీషులో కిందకి పెద్దగా ఏమీ వేలాడదు. మనకి వత్తులు కిందే ఉంటాయి. ఆ దాచే లైను తీసేసి, ఎత్తు 1.1 నుంచి 1.6కి పెంచితే సరిపోయింది. ‘హుకుంపేట’ ఒక్కటే రాసి చూసుకుంటే ఈ తప్పు ఎప్పటికీ దొరికేది కాదు, అందులో వత్తే లేదు.

ఇంతలో ఆ కంపెనీ చేసిన ఆస్పత్రి సైటు ఒకటి ఫోన్‌లో తెరిచాం. డాక్టరు గారి పేరులో వత్తు తెగి ఉంది! అచ్చం మా తప్పే. అది ఉత్తరంలో రాయాలా వద్దా అని ఒక పూటంతా గొడవ. ఉద్యోగం అడుగుతూ వాళ్ల తప్పు ఎత్తిచూపడం ఏటని ఇద్దరం, అదే మన దగ్గరున్న మంచి మాట అని ఒకడు. చివరికి ‘మీ తప్పు’ అనకుండా, ‘నాకూ ఇదే జరిగింది’ అనే తీరులో రాశాం.

మేము ఏ తెగ, ఏ ఊరు అని రాయాలా అన్నదీ తేలలేదు చాలాసేపు. ప్రైవేటు కంపెనీకి రిజర్వేషన్‌తో పని లేదు. జాలి కోసం రాయొద్దనుకున్నాం. సంతల పేజీ అని చెప్పాక ఎటు నుంచి వచ్చామో ఎలాగూ తెలుస్తుంది.

పంపింది ఇంగ్లీషులో. తెలుగులో ఇలా ఉంటుంది:

“నమస్తే అండి. మీ జూనియర్ ఫ్రంట్ ఎండ్ ఉద్యోగానికి రాస్తున్నాను. నేను డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థిని. వెబ్ పని సొంతంగా నేర్చుకుంటున్నాను, ఏడాదిన్నర అయింది.

నేను చేసిన పేజీ లింకు కింద ఉంది. పాడేరు ప్రాంతంలో ఏ సంత ఏ రోజో వెతికే పేజీ ఇది. ఫోన్‌లో చూడండి, ఫోన్ కోసమే చేశాను. అమరిక, సీఎస్ఎస్ అంతా నాది. సంతల వివరాలు ఒక స్నేహితుడు సేకరించాడు. వెతికే కోడ్ మరో స్నేహితుడు మొదలుపెట్టాడు, నేను పూర్తి చేశాను. ముగ్గురం ఒకే లాప్‌టాప్ వాడాం కాబట్టి గిట్‌హబ్‌లో అన్నీ ఒకరి పేరు మీద కనిపిస్తాయి. ఏ లైను గురించి అడిగినా వివరించగలను.

మీరు చేసిన ఆస్పత్రి సైటు నా ఫోన్‌లో చూశాను. డాక్టర్ల పేజీలో ఒక పేరు కింద వత్తు తెగి కనిపించింది. నా పేజీలోనూ ఇలాగే జరిగితే, వరుస ఎత్తు పెంచి, overflow: hidden తీసేశాక సరైంది. ఫోటో జతచేశాను.

రియాక్ట్ మూడు వారాలుగా నేర్చుకుంటున్నాను, ఒక చిన్న జాబితా పేజీ తప్ప ఇంకా ఏమీ చేయలేదు. పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి. అప్పటిదాకా శనివారాలు రాగలను, తర్వాత రోజూ రాగలను.”

అంతే. రియాక్ట్ మాట రాయడానికే చెయ్యి రాలేదు. ‘తెలుసు’ అని ఒక్క ముక్క రాసేస్తే పోదా అనిపించింది. కానీ ఇంటర్వ్యూలో పక్కన కూర్చోబెట్టి రాయమంటే పది నిమిషాల్లో తెలిసిపోద్ది, అప్పుడు మిగతా నిజాలు కూడా నమ్మరు. ఉత్తరాన్ని ఫైలుగా జతచేయకుండా మెయిల్‌లోనే రాశాం, తెరవగానే కనపడాలని. పంపేముందు లింకు వేరేవాళ్ల ఫోన్‌లో నొక్కి చూశాం. మంచిదైంది, ఒక అక్షరం తప్పు పడి పేజీ రాలేదు.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. పదో రోజు రెండు లైన్లు వచ్చాయి: “పేజీ చూశాం. మా ఫోన్‌లో కింద ఉన్న ‘వెతుకు’ బటన్ సగమే కనపడుతోంది. ఎందుకో చెప్పగలరా?”

గుండె జారిపోయింది. తీరా చూస్తే మా ఫోన్లలోనూ అంతే, వేలితో కొంచెం పైకి జరపడం అలవాటైపోయి మేం గమనించలేదు. పేజీ ఎత్తు 100vh అని పెట్టాం. ఫోన్ బ్రౌజర్ దాన్ని అడ్రసు పట్టీ దాక్కున్నప్పటి ఎత్తుతో లెక్కేస్తుంది. పట్టీ కనపడుతున్నప్పుడు ఆ మేరకు పేజీ కిందకి జారిపోతుంది, అడుగున ఉన్న బటన్ మునిగిపోతుంది. ఇలా మార్చాం:

```css
.page {
  min-height: 100vh;
  min-height: 100dvh;
}
```

రెండో లైను అప్పుడు కనపడుతున్న ఎత్తునే తీసుకుంటుంది. పాత ఫోన్లకి అది అర్థం కాకపోతే వదిలేసి మొదటిదే వాడతాయి. తప్పు మాదేనని, కారణం ఇదని, సరిచేశామని ఆ రాత్రే రాశాం. ఈసారి నమోదు వాడి పేరు మీదే పడింది.

వచ్చే శనివారం పదకొండింటికి రమ్మన్నారు, గంటసేపు అక్కడే కూర్చుని ఒక పేజీ చేయాలట. లాప్‌టాప్ వాడిదే తెచ్చుకోమన్నారు. ఆ రోజుకి మా ఇద్దరికీ లాప్‌టాప్ లేదు, బ్యాటరీ నలభై నిమిషాలే నిలుస్తుంది. చార్జర్ వైరు దగ్గర తెగింది, టేపు చుట్టాం. విశాఖలో ఉన్న అన్నలు ఎవరికైనా దానికి సరిపోయే పాత చార్జర్ ఉంటే కింద కామెంట్‌లో చెప్పండి.