కనుమ రోజు ఎవరుంటారు?

మా క్లినిక్‌లో లీవు అడగడానికి మొన్నటిదాకా మూడు దారులుండేవి. డాక్టర్ గారు ఓపీ మధ్యలో టీ తాగుతున్నప్పుడు అడగడం ఒకటి. పైన ఇంట్లో ఉండే మేడం గారిని అడగడం రెండోది. ఈ రెండూ కుదరకపోతే వాట్సాప్ గ్రూపులో "రేపు రావడం లేదండి" అని పెట్టి ఫోన్ పక్కన పడేయడం మూడోది. మూడు దారుల్లోనూ "సరే" అనే వచ్చేది. పాపం, అన్నవాళ్ళెవరూ తప్పుగా అనలేదు. ఒకరు సరే అన్నది ఇంకొకరికి తెలిసేది కాదు, అంతే.

అమలాపురంలో మాది చిన్న క్లినిక్. ఐదుగురు సిస్టర్లు, ఇద్దరు ఫార్మసిస్టులు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, రిసెప్షన్‌లో, లెక్కల దగ్గర నేను. ఒక కార్తీక సోమవారం ఐదుగురు సిస్టర్లలో ఇద్దరే వచ్చారు. ఒకరు ఇంజెక్షన్ల గదిలో ఉండిపోతే, రెండో ఆవిడే డ్రెస్సింగులూ, పైన సెలైన్ ఎక్కుతున్న నలుగురినీ చూసుకోవాలి. ఒకాయన సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం వెనక్కి వచ్చేదాకా ఎవరూ చూడలేదు. ఆయనకేం కాలేదు. కానీ వాళ్ళబ్బాయి కింద అరిచిన అరుపు వీధి చివర కిళ్ళీ బడ్డీ దాకా వినిపించింది. ఆ రాత్రే డాక్టర్ గారు "లీవుల సంగతి నువ్వు చూడరా బాబూ" అన్నారు.

చాలామంది ఇక్కడ ఓ క్యాలెండర్ కొని, ఎవరు ఎప్పుడు రారో రాసుకుంటారు. దానివల్ల ఉపయోగం తక్కువ. ఎవరు రారో తెలిస్తే చాలదు, ఇంకా ఎంతమందిని పంపవచ్చో తెలియాలి. ఆ అంకె రావాలంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి: ఈ రోజు పని ఆగకుండా నడవాలంటే కనీసం ఎంతమంది ఉండాలి? ఇది క్లినిక్ మొత్తానికి ఒకే అంకె అనుకోకండి. పదిమంది స్టాఫ్‌లో ఏడుగురు వచ్చారని సంబరపడితే, రానివాళ్ళలో ఫార్మసిస్టులిద్దరూ ఉండొచ్చు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టర్ చీటీకి మందులివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. ఆ కౌంటర్‌లో రిసెప్షన్ అబ్బాయిని కూర్చోబెట్టడం కుదరదు. అందుకే పనిని బట్టి విడివిడిగా లెక్క కట్టాలి.

నేను గూగుల్ షీట్స్‌లో చేశాను. మీ ఫోన్‌లో కూడా ఉంటుంది. మొదటిసారి కట్టేటప్పుడు మాత్రం కంప్యూటర్ దగ్గర కూర్చోండి, సుఖం. మొదటి ట్యాబ్ పేరు Staff. అందులో పేరు, పని, వారం సెలవు ఏ రోజో అంకెలో (ఆదివారం 1, సోమవారం 2, అలా శనివారం 7). రెండో ట్యాబ్ Leave. అందులో తేదీ, పేరు, పని, చివర్లో OK అనో WAIT అనో. మూడు రోజుల లీవు అయితే మూడు వరుసలు రాస్తాను. "13 నుంచి 15 వరకు" అని ఒకే వరుసలో పెట్టను. కారణం ఉంది. ఆ మూడు రోజుల్లో ఆవిడ వారం సెలవు కూడా పడితే, షీటు ఆవిడని రెండుసార్లు తీసేస్తుంది. ఉన్న మనిషి లేనట్టు కనిపించి, ఇంకొకరి లీవు ఊరికే ఆగిపోతుంది. రోజుకో వరుస అయితే వారం సెలవు రోజుని రాయకుండా వదిలేస్తే సరిపోతుంది.

మూడో ట్యాబ్ సిస్టర్లది. A లో తేదీ, B లో ఆ రోజు కనీసం ఎంతమంది కావాలో, C లో ఇదీ:

```
=COUNTIF(Staff!$B:$B,"Nurse")
-COUNTIFS(Staff!$B:$B,"Nurse",Staff!$C:$C,WEEKDAY($A2))
-COUNTIFS(Leave!$A:$A,$A2,Leave!$C:$C,"Nurse",Leave!$D:$D,"OK")
+COUNTIFS(Leave!$A:$A,$A2,Leave!$C:$C,"Nurse",Leave!$D:$D,"IN")
-$B2
```

చూసి భయపడకండి. మొత్తం సిస్టర్లలోంచి వారం సెలవు వాళ్ళని, లీవు ఒప్పుకున్నవాళ్ళని తీసేసి, వారం సెలవు మానుకుని వచ్చినవాళ్ళని (వాళ్ళకి IN అని రాస్తాం) కలిపి, కనీస సంఖ్య తీసేయడమే. C లో 1 వస్తే ఇంకొకరిని పంపవచ్చు. 0 వస్తే ఆ రోజు నిండిపోయింది. మైనస్ వస్తే ఎర్రగా కనపడేలా రంగు పెట్టాను.

ఒక్క జాగ్రత్త. షీటు సెట్టింగ్స్‌లో దేశం అమెరికా అని ఉంటే, 13/01/2025 అని కొట్టినా దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలనుకుంటుంది. లీవు రాసినా C లో అంకె తగ్గదు. అంతా ఖాళీగా ఉందనుకుని మీరు అందరినీ పంపేస్తారు. గుర్తుపట్టడం తేలికే: సరైన తేదీ గడిలో కుడివైపుకి అంటుకుని ఉంటుంది, అక్షరాలైతే ఎడమవైపుకి. Locale దగ్గర India అని మార్చి మళ్ళీ కొట్టండి.

ఇక అసలు పరీక్ష సంక్రాంతి. మా సీమలో ఈ మూడు రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి అందరూ దిగుతారు. 2025లో భోగి జనవరి 13, సోమవారం. 14 సంక్రాంతి, 15 కనుమ.

మా సిస్టర్లకి సోమ నుంచి శుక్ర దాకా రోజుకొకరికి వారం సెలవు. పేర్లెందుకు, సోమవారం సిస్టర్, మంగళవారం సిస్టర్ అనే చెప్తాను. మామూలు రోజుల్లో కనీసం ముగ్గురు కావాలి. భోగి నాడు ఓపీ ఉంటుంది కాబట్టి 3. సంక్రాంతి నాడు ఓపీ లేదు, ఎమర్జెన్సీ ఒక్కటే, 1. కనుమ నాడు 2 పెట్టమని డాక్టర్ గారు పట్టుబట్టారు. ఓపీ లేకపోయినా ఆ రోజు కోడికత్తి గాట్లూ, తాగి బైకు మీంచి పడ్డవాళ్ళూ వస్తారని ఆయన అనుభవం.

ఎవరు ముందు అడిగితే వాళ్ళకి అనే పద్ధతి పెట్టలేదు. అలా పెడితే వినాయక చవితికే సంక్రాంతి బుక్కయిపోతుంది. గురువారం సిస్టర్ భర్త కువైట్‌లో ఉంటాడు, సెలవు దొరికేది లేనిదీ డిసెంబర్‌లో గానీ తెలియదు. ఆవిడకి ఎప్పటికీ రాదు. అందుకని డిసెంబర్ 15 దాకా ఎవరు అడిగినా WAIT అని రాశాను. తర్వాత అందరం ఒకసారి కూర్చున్నాం.

సోమవారం సిస్టర్‌కీ, మంగళవారం సిస్టర్‌కీ మూడు రోజులూ కావాలి. గురువారం సిస్టర్‌కి 14, 15 కావాలి. వాళ్ళాయన రెండేళ్ళ తర్వాత వస్తున్నాడు. వాళ్ళది గంగలకుర్రు. కనుమ నాడు ఆ ప్రభని భుజాల మీద మోసుకుంటూ కౌశిక దాటించి జగ్గన్నతోటకి తీసుకెళ్ళాలి. "ఆయన ప్రభ ఎత్తుకుంటుంటే నేనిక్కడ సిరంజి పట్టుకుని కూర్చోమంటారా తమ్ముడూ?" అంది. శుక్రవారం సిస్టర్ క్రిస్మస్‌కి రెండు రోజులు తీసుకుంది, సంక్రాంతికి ఏమీ అడగలేదు. బుధవారం సిస్టర్ "ఏదో ఒక రోజు చాలండి" అంది.

షీటులో WAIT లన్నీ OK చేసి చూశాం. 13న సోమవారం సిస్టర్‌కి ఎలాగూ వారం సెలవు. మంగళవారం సిస్టర్ ఒక్కరే లీవు. మిగిలింది ముగ్గురు, C లో 0. సరిపోయింది. 14న మంగళవారం సిస్టర్‌ది వారం సెలవు, ఇద్దరు లీవు, ఉన్నది ఇద్దరు, C లో 1. ఒకరు ఎక్కువే. 15న బుధవారం సిస్టర్‌ది వారం సెలవు, ముగ్గురు లీవు, ఉన్నది ఒక్కరు. C లో మైనస్ 1, ఎర్రగా.

అంటే మూడు రోజుల గొడవ కాదిది, ఒక రోజుది, ఒక మనిషిది. ఈ సంగతి తెలియక ముందు గదిలో వాతావరణం వేరు. ఎవరో ఒకరు మొత్తం పండగ వదులుకోవాలేమో అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. పక్క గడిలో 14 దగ్గర 1 మిగిలి ఉండటం ముందు చూసింది బుధవారం సిస్టరే. "నా సెలవు 14కి మార్చేయండి, 15 నేనొస్తాను. సంక్రాంతి ఇంట్లో ఉంటే చాలదా నాకు?" అంది. 14కి ఆవిడ పేరు మీద OK, 15కి IN రాశాను. మూడు గడుల్లోనూ 0. వారం సెలవు ఆ వారంలోనే ఉంది కాబట్టి ఆవిడ హక్కేమీ పోలేదు.

0 అంటే నిశ్చింత అని కాదు. 14న ఉన్నది శుక్రవారం సిస్టర్ ఒక్కరే. ఆవిడకి జ్వరమొస్తే? షీటు ఒప్పుకున్న లీవుల్ని చూస్తుంది గానీ జ్వరాన్ని ఆపలేదు. అందుకే అంచు మీద ఉన్న రోజులకి D గడిలో, పిలిస్తే అరగంటలో రాగల వాళ్ళ పేరు రాస్తాం. 14కి బుధవారం సిస్టర్ పేరు రాశాం, ఇల్లు ఊళ్ళోనే కాబట్టి. పిలవాల్సిన అవసరం రాలేదు.

జూలై, ఆగస్టుల్లో ఇంకో లెక్క. గోదావరి పొంగి కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగితే లంకల్లోంచి వచ్చేవాళ్ళు పడవ మీద రావాలి, ఒక్కోసారి రాలేరు. మా దగ్గర అలా వచ్చే సిస్టర్ ఒకరున్నారు. వరద రోజుల్లో ఆవిడ లీవు పెట్టకపోయినా రానట్టే అనుకుని, కనీస సంఖ్య 3 బదులు 4 పెడతాను. చాలా రోజులు 0 చూపిస్తుంది, సిస్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

సోమవారం సిస్టర్ ఫిబ్రవరిలో వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంది. మామూలుగా అయితే ఏడు లీవులు పోతాయి. శనివారం ఎవరికీ వారం సెలవు లేదు, C లో 2 ఉంది. ఏడు శనివారాలకి OK, వాటికి ముందున్న ఏడు సోమవారాలకి IN రాశాం. ఒక్క లీవు కూడా ఖర్చు కాలేదు.

స్టాఫ్ అందరికీ షీటు చూడటానికి మాత్రమే ఇచ్చాను, మార్చడం నా ఫోన్‌లోనే. కారణం ఎక్కడా రాయం. ఎవరు ఏ పరీక్షకి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారో మిగతా అందరికీ ఎందుకు? ఇప్పుడు డాక్టర్ గారినో మేడం గారినో అడిగితే వాళ్ళు చెప్పే మాట ఒకటే: "షీటులో ఎంతుందో చూడమ్మా."

తేలనిది ల్యాబ్ ట్యాబ్ ఒక్కటే. టెక్నీషియన్ ఒక్కడే, కావాల్సింది ఒకరు. ఆదివారం ల్యాబ్ మూసేస్తాం కాబట్టి ఆ రోజు కనీసం 0. మిగతా ఆరు రోజులూ C లో ఎప్పుడూ 0 యే. మేలో అతని పెళ్ళి, పది రోజులు కావాలి. ఆ పది రోజులకి శాంపిల్స్ బయట ల్యాబ్‌కి పంపేలా డాక్టర్ గారు మాట్లాడుతున్నారు. అది ఖాయమైన రోజున ఆ తేదీల ఎదురుగా 1 కొట్టేసి 0 రాస్తాను, అతని WAIT ని OK చేస్తాను. అప్పటిదాకా శుభలేఖలు వేయించొద్దన్నాను. వేయించేశాడు.