చేవ ఎవరిది, చెట్టు ఎవరిది?

ఒక చెట్టును తన సొత్తుగా ప్రకటించి, ఆ ప్రకటనతోనే దాని వినాశనానికి రాజ్యం దారి వేసిన చరిత్ర శ్రీగంధానిది. 1792లో టిప్పు సుల్తాన్ మైసూరు రాజ్యంలో శ్రీగంధాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. నేల ఎవరిదైనా కావచ్చు, దాని మీద మొలిచిన గంధపు చెట్టు మాత్రం సర్కారుది. ఆ తరువాత టిప్పు పోయాడు, వడయార్ల సంస్థానం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది, భాషా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఈ ఒక్క నియమం మాత్రం అన్ని ప్రభుత్వాలకూ నచ్చింది. 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం కూడా దాన్ని అలాగే స్వీకరించింది. 2001లో సవరణ వచ్చేవరకు, అంటే రెండు శతాబ్దాలకు పైగా, రైతు పొలంలోని గంధపు చెట్టు రైతుది కాలేదు.

చట్టం కాగితం మీద చెట్టుకు కావలివాడిలా కనిపిస్తుంది. పొలం గట్టు మీద అది ఎలా పనిచేసిందో చూస్తేగాని దాని అసలు స్వరూపం అర్థం కాదు. శ్రీగంధాన్ని నాటేది ప్రధానంగా పిట్టలు. నల్లని చిన్న పండు తిన్న కోకిలో గోరువంకో విత్తనాన్ని కంచె పక్కన వదులుతుంది. 1980ల్లో తుమకూరు ప్రాంతపు రైతు ఒకరు తన గట్టు మీద అలాంటి మొక్కను చూశారనుకుందాం. దాన్ని పెరగనిస్తే అది ప్రభుత్వ ఆస్తి అవుతుంది. నరికితే నేరం. రాత్రికి రాత్రి దొంగలు కోసుకుపోతే, దానికి సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత భూమి యజమానిది. చెట్టు విలువలో తనకూ కొంత వాటా ఇస్తామని ప్రభుత్వం అన్నా, ఆ వాటా చేతికందాలంటే ముందు అటవీ కార్యాలయం గడప అరగాలి. ఇంత తలనొప్పికి బదులు ఆ రైతు చేసే పని ఒక్కటే: మొక్క రెండు అంగుళాలున్నప్పుడే పీకి పారేయడం. అది ఏ లెక్కలోకీ రాని నరికివేత. దక్కను పీఠభూమి పొలాల నుంచి శ్రీగంధం అలా నిశ్శబ్దంగా తొలగిపోయింది. మిగిలినది అడవి మాత్రమే. మార్కెట్ ఆకలి మొత్తం దాని మీదే పడింది.

ఆ ఆకలి ఎందుకంత ప్రాణాంతకమో తెలియాలంటే చెట్టు స్వభావం తెలియాలి. శ్రీగంధం సగం పరాన్నజీవి. దాని వేళ్లు పక్కనున్న చెట్ల వేళ్లను పట్టుకుని నీటిని, పోషకాలను తీసుకుంటాయి. అందువల్ల అది ఒంటరిగా బతకలేదు, తొందరగా పెరగలేదు. సువాసన దాని బెరడులో లేదు, పైనున్న తెల్లచెక్కలో లేదు. లోపలి చేవలోనే ఉంది. ఆ చేవ పట్టడం మొదలవడానికే పదేళ్లు, ఆ పైన పడుతుంది. నూనె దండిగా ఉండే చేవ కావాలంటే పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు ఆగాలి. పైగా నూనె అన్నిటికంటే ఎక్కువగా ఉండేది వేళ్లలోనూ మొదలులోనూ. అందుకే గంధపు చెట్టును నరకరు, వేళ్లతో సహా పెకలిస్తారు. ఉసిరి కాయ కోస్తే చెట్టు మిగులుతుంది, తులసి ఆకు తుంచితే మళ్లీ చిగురిస్తుంది. శ్రీగంధం విషయంలో కోత అంటే చావే.

ఇక్కడ దొంగకూ దొరకూ పద్ధతిలో తేడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మైసూరు గంధపుచెక్క వేలంలో అమ్ముడై పెద్ద ఎత్తున జర్మనీకి వెళ్లేది. యుద్ధంతో ఆ దారి మూసుకుపోవడంతో సంస్థానమే 1916లో నూనె తీయడం ప్రారంభించింది. మైసూర్ శాండల్ సబ్బు పుట్టుక ఆ అవసరం నుంచే. ఆనాటి నుంచి ప్రభుత్వం ఏకకాలంలో చెట్టుకు యజమాని, కాపలాదారు, వ్యాపారి. ఈ మూడు పాత్రల్లో వ్యాపారి గొంతే ఎక్కువగా వినిపించింది. గత శతాబ్దం మధ్యకాలంలో దేశంలో ఏటా దాదాపు 4,000 టన్నుల చేవ వచ్చేదని అటవీ పరిశోధకుల అంచనా. 21వ శతాబ్దపు తొలి దశకానికి అది వందల టన్నులకు పడిపోయింది. ఈ పతనానికి వీరప్పన్‌ను ఏకైక కారణంగా చూపడం పాలకులకు సౌకర్యంగా ఉండేది. సత్యమంగళం, మలెమహదేశ్వర అడవుల్లో అతడు సాగించిన దోపిడీ నిజమే. కానీ 2004లో అతడు హతుడైన తరువాత గంధపు అడవులు తిరిగి రాలేదు.

తిరిగి రాకపోవడానికి కారణం ఉంది. దొంగ మొదట లావు చెట్లను తీసుకుపోతాడు. అవి అయిపోయాక సన్నవాటికి తొలిచి చూస్తాడు. మణికట్టంత చేవ ఉన్నా కోస్తాడు. ఎక్కువ విత్తనాలిచ్చే పెద్ద చెట్లు పోయాక, నేలలో మిగిలిన వేళ్ల ముక్కల నుంచి పిలకలు వస్తాయి. చూసేవారికి అడవి మళ్లీ పచ్చబడినట్లే ఉంటుంది. అయితే ఆ పిలకలన్నీ ఒకే తల్లి నకళ్లు. శ్రీగంధం ప్రధానంగా పరపరాగ సంపర్కం మీద ఆధారపడే చెట్టు. ఒకే రక్తపు గుంపులో పూత పూసినా కాపు పలుచబడుతుంది. దీనికి తోడు కొడగులో 1899లోనే గుర్తించిన స్పైక్ తెగులు ఉంది. ఆకులు చిన్నవై, గట్టిపడి, ముళ్లలా నిలబడతాయి. రెండు మూడేళ్లలో చెట్టు చస్తుంది. కేరళలోని మరయూర్ సహజ గంధపు వనం పటిష్ఠమైన కాపలాతో నిలిచినా, ఈ తెగులు కంచె దాటి లోపలికి వచ్చింది.

2001లో కర్ణాటక, 2002లో తమిళనాడు చట్టాలను సవరించి, చెట్టు భూమి యజమానిదేనని ఒప్పుకున్నాయి. రెండు వందల ఏళ్ల తప్పును దిద్దుకున్నందుకు ఫలితం వెంటనే కనిపించింది. రైతులు శ్రీగంధాన్ని తామే నాటడం మొదలుపెట్టారు. మొదట తోడుగా కంది, తరువాత సరుగుడు వంటి ఆశ్రయపు చెట్లు వేసి తోటలు పెంచారు. తెలుగు నేల మీదా ఇలాంటి తోటలు వెలిశాయి. అయితే యాజమాన్యం వచ్చినంత సులువుగా స్వేచ్ఛ రాలేదు. కోతకు అనుమతి కావాలి, తరలించడానికి రవాణా పత్రం కావాలి. ఈలోగా పన్నెండో ఏటికల్లా దొంగకు చేవ వాసన తెలిసిపోతుంది. కుక్కలు, కెమెరాలు, కరెంటు కంచెల ఖర్చు భరించలేని చిన్న రైతు, పాతికేళ్లు ఆగవలసిన చెట్టును పదిహేనో ఏటే వదిలించుకోవాలని చూస్తాడు. పచ్చి చేవలో నూనె తక్కువ, నాణ్యతా తక్కువ. కనుక మేలురకం నూనె కావలసినవారి చూపు మళ్లీ అడవి మీదికే పోతుంది.

భారతదేశంలో కొరత ఏర్పడితే దాని దెబ్బ సముద్రం దాటి తగులుతుంది. తూర్పు ఆఫ్రికాలో ఓసిరిస్ లాన్సియోలాటా అనే పొద ఉంది. అది శ్రీగంధం కాదు, దూరపు చుట్టం. వాసనలో పోలిక ఉండడంతో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో దాన్ని వేళ్లతో సహా పెకలించి ఎగుమతి చేశారు. పరిస్థితి విషమించి, 2013లో ఆ ప్రాంతపు ఓసిరిస్‌ను అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేర్చవలసి వచ్చింది. కొనుగోలుదారు మూలం అడగనప్పుడు మార్కెట్ ఒక అడవిని ఖాళీ చేసి మరో అడవికి నడిచిపోతుంది.

పేరు తెచ్చే గందరగోళం మరొకటి ఉంది. శేషాచలం కొండల ఎర్రచందనానికీ శ్రీగంధానికీ బంధుత్వం లేదు. అది వేగిస కుటుంబానికి చెందినది. దానికి ఆ సువాసన లేదు, ఆ నూనె లేదు. ముఖానికి పూసే పొడి కొనేవారు రెండింటినీ చందనమనే ఒక్క పేరుతో అడుగుతారు. ఆ చెట్టు వెనుక మరో విషాద చరిత్ర ఉంది. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో జరిగిన పోలీసు కాల్పుల్లో మరణించిన 20 మంది తమిళనాడు నుంచి వచ్చినవారు. వారు ఎర్రచందనం కూలీలన్నది పోలీసుల మాట. గొడ్డలి పట్టినవాడి పేరు కేసులో ఉంటుంది, సరుకు కొన్నవాడి పేరు ఎక్కడా ఉండదు.

కనుక కొనేవారు ఏం చూడాలి? మొదట ధర. నూరు కిలోల మంచి చేవ నుంచి నాలుగైదు కిలోల నూనె మాత్రమే వస్తుంది. కిలో నూనె లక్ష రూపాయలు దాటి చాలాకాలమైంది. ఆ లెక్కన పది మిల్లీలీటర్ల సీసా లోపలి సరుకే వెయ్యి రూపాయల పైమాట. రెండు వందలకు దొరికే ‘స్వచ్ఛమైన గంధపు నూనె’ ఏదైనా కావచ్చు, గంధపు నూనె మాత్రం కాదు. రెండోది వృక్షశాస్త్ర నామం. సీసా మీద సాంటాలమ్ ఆల్బమ్ అని ఉంటే అది మన శ్రీగంధం. సాంటాలమ్ స్పికాటమ్ అంటే ఆస్ట్రేలియా జాతి. అమైరిస్ అంటే గంధమే కాదు. మూడోది ప్రయోగశాల నివేదిక. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం శ్రీగంధపు నూనెలో ఆల్ఫా సాంటాలాల్ 41 నుంచి 55 శాతం, బీటా సాంటాలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి.

అయితే ఈ మూడు పరీక్షలూ నెగ్గిన నూనె కూడా దొంగసొత్తు కావచ్చు. రసాయన పరీక్ష కల్తీని పట్టిస్తుంది, దొంగతనాన్ని పట్టించదు. అడవిలో దొంగిలించిన చెట్టు నూనె తరచు తోట నూనెకంటే మేలైనదిగానే తేలుతుంది, ఎందుకంటే అది ముసలి చెట్టు. నాణ్యత మాత్రమే అడిగే కొనుగోలుదారు తెలియకుండానే దొంగకు బహుమతి ఇస్తున్నాడు. తేడా చూపేది కాగితమొక్కటే: ఏ తోట, ఏ వయసు చెట్టు, ఏ అనుమతి, ఏ రవాణా పత్రం, లేదా ఏ ప్రభుత్వ డిపో వేలం. ఇంటికి చిన్న సీసా కొనేవారు ఇవన్నీ తిరగేయలేరు. కానీ టన్నుల్లో కొనే ఔషధ, సబ్బు, అత్తరు కంపెనీలు, గంధం కొనే దేవస్థానాలు తప్పక అడగగలవు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు రాజకీయ ప్రాధాన్యం కూడా పెరిగింది. 2023లో సవరించిన జీవవైవిధ్య చట్టం, సాగు చేసిన ఔషధ మొక్కలను స్థానిక సమాజాలతో లాభాలు పంచుకునే బాధ్యత నుంచి మినహాయించింది. మినహాయింపు పొందాలంటే మొక్క సాగుదేనని మూల ధ్రువీకరణ పత్రం ఉండాలి. రైతుకు ఊరటనివ్వాలన్న ఉద్దేశంలో తప్పులేదు. కానీ సాగు సరుకుకు మినహాయింపు, అడవి సరుకుకు బాధ్యత ఉన్నచోట, ప్రతి అడవి దుంగకూ సాగు దుంగగా మారాలన్న కోరిక పుడుతుంది. ఆ పత్రం స్థానిక జీవవైవిధ్య కమిటీ చేతిలో ఉంది. కమిటీ తోటకు వెళ్లి చెట్లు లెక్కపెడితే అది కంచె అవుతుంది. కూర్చున్నచోటే ముద్ర వేస్తే దొంగ దుంగకు దొరపేరు పెట్టే యంత్రమవుతుంది. ఏది అవుతుందన్నది, ఆ కాగితాన్ని చదివి, తోటలోని చెట్ల సంఖ్యతో పోల్చి చూసే కొనుగోలుదారులు ఎందరున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది.