మా గుండె మాటల పట్టిక

బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను కొన్నేళ్లు తెలుగు అనువాదకురాలిగా పనిచేశాను. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి రోజూ రోగులు వచ్చేవాళ్లు. గుండె విభాగంలో డాక్టర్లకు తెలుగు అంతంత మాత్రం. మాలో ఒకరు ఉదయం ‘గుండె వైఫల్యం’ అంటే, సాయంత్రం డ్యూటీవాళ్లు ‘గుండె వీక్’ అనేవాళ్లు. డిశ్చార్జి కాగితంలో ఇంకో మాట ఉండేది. రోగి తనకు మూడు జబ్బులున్నాయనుకునేవాడు. అందుకే గుండె విభాగం వరకైనా ఒక చిన్న పట్టిక రాసుకుందామని కూర్చున్నాం. ఒక కార్డియాలజిస్టు, మదనపల్లె నుంచి వచ్చిన సీనియర్ నర్సు, హెల్ప్ డెస్క్ పిల్లలు, నేను.

‘హార్ట్ ఫెయిల్యూర్’ దగ్గరే చాలా రోజులు ఆగిపోయాం. మనవైపు ‘హార్ట్ ఫెయిలయింది’ అనేది పోయినవాళ్ల గురించి. వార్డులో ఆ మాట చెవినపడి ఒకావిడ గోడకు జారబడి ఏడుపు అందుకుంది. లోపల ఆవిడ భర్త ఇడ్లీ తింటున్నాడు. ‘గుండె బలహీనత’ అని పెడదామన్నాను. డాక్టరు ఒప్పుకోలేదు. కొందరిలో గుండె బాగానే ముడుచుకుంటుందట, గట్టిపడిపోయి సరిగ్గా నిండదట, అదీ ఇదే జబ్బట. నర్సు అభ్యంతరం వేరు: “బలహీనత అంటే బలానికి తినిపిస్తారమ్మా. మనం ఉప్పు తగ్గించమంటున్నాం.”

చివరికి ఒక్క పదం కాక ఒక వాక్యం ఖరారైంది: ‘ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోతోంది.’ వాడుక గడిలో రాసుకున్నాం: ముందు ఈ వాక్యం, వెంటనే ‘గుండె ఆగిపోలేదు’ అన్న మాట, ఆ తర్వాతే కాగితంలో కనిపించే ఇంగ్లీషు పేరు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, కాళ్లు వాచినా ఫోన్ చేయాలన్నదీ అక్కడే చేర్చాం. పంపింగ్ శాతం చెప్పేటప్పుడు మామూలు గుండెకు కూడా అది నూరు ఉండదని, 55 నుంచి 70 మధ్య ఉంటుందని చెప్పాలి. లేకపోతే 60 వచ్చినవాళ్లు కూడా నలభై శాతం గుండె పోయిందని దిగులు పడతారు.

ఖరారు చేసిన ప్రతి మాటనూ వార్డులో రోగుల దగ్గర పరీక్షించాం. ‘అర్థమైందా?’ అని అడగడం మానేశాం. దానికి అందరూ తలూపుతారు. ‘ఇంటికెళ్లి మీవాళ్లకు ఏమని చెప్తారు?’ అని అడిగేవాళ్లం. స్టెంట్ వేయించుకున్న హిందూపురం ఆయన అన్నాడు: “నాకు ముందే రక్తం తక్కువ. ఇంకా పలచన చేసే మాత్ర ఇచ్చినారు. దినం మార్చి దినం ఏసుకుంటాలే.” ‘రక్తం పలచబరిచే మందు’ ఆ రోజే పట్టికలోంచి పోయింది. స్టెంట్ కొత్తలో ఆ మాత్రలు సరిగ్గా వేసుకోకపోతే అందులో గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు.

దాని స్థానంలో రెండు వరుసలు వచ్చాయి. స్టెంట్ ఉన్నవాళ్లకిచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌కు ‘స్టెంట్‌లో గడ్డకట్టకుండా చూసే మాత్రలు’. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు వాడే వార్ఫరిన్ లాంటివాటికి ‘రక్తపరీక్ష చూసి డోసు మార్చే, గడ్డకట్టకుండా చూసే మందు’. చెప్పడానికి పొడుగే. కానీ రెండింటికీ ఒకే పేరు పెడితే, పరీక్ష అక్కర్లేనివాళ్లు దానికోసం తిరుగుతారు, కావలసినవాళ్లు మానేస్తారు.

రోగి చెప్పేది డాక్టరుకు చేరేసేటప్పుడు తంటా ఇంకోలా ఉంటుంది. ‘కళ్లు తిరిగినాయి’ అన్నదాన్ని మావాళ్లు తల తిరగడంగానే చెప్పేవాళ్లు. మడకశిర నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ మాటే అన్నప్పుడు హెల్ప్ డెస్క్ అమ్మాయి ఆగి, డాక్టరుతో “ఈ మాటకు రెండు మూడు అర్థాలున్నాయి సార్, అడగమంటారా?” అంది. చుట్టూ గిర్రున తిరిగిందా, కళ్లు చీకట్లు కమ్మాయా, తెలివి తప్పిందా? ఆయన చెప్పేలోపే భార్య అందుకుంది: “పొలంలో పడిపోయినాడు, కొంచేపు పలకలే.” డాక్టరు వెంటనే ఇసిజి, 24 గంటల హోల్టర్ రాశాడు. మధ్యమధ్యలో గుండె సెకన్లపాటు కొట్టుకోవడం ఆపుతున్నట్టు తేలింది. పేస్‌మేకర్ పెట్టారు. అనువాదకులు సొంతంగా ప్రశ్నలు వేయకూడదు, డాక్టరుకు చెప్పి అడగాలి. ఆ అమ్మాయి చేసిన పద్ధతినే పట్టికలో నియమంగా రాశాం.

తెగని మాట ‘రొమ్ము నొప్పి’. రాయలసీమలో మగవాళ్లు కూడా ఛాతీ నొప్పిని అలాగే చెప్తారు, కోస్తావాళ్లకు ఆ మాటకు స్తనమే తోస్తుంది. అందుకని మేం పలికేది ‘ఛాతీ’. ‘రొమ్ము’ను, రోగి నోట వచ్చినప్పుడు గుర్తుపట్టాల్సిన మాటల గడిలో మాత్రం ఉంచాం.