‘పోయింది’ వేరు, ‘పోయినట్టుండాది’ వేరు

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మేము చేసిన ఒక తప్పు గురించి, దాన్ని దిద్దుకున్న తీరు గురించి రాస్తున్నాం.

మేము నలుగురం. పెద్దదోర్నాల చుట్టుపక్కల చెంచు గూడేల నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మన గురించి ఇంగ్లీషులో ఎంతోమంది రాశారు, అది మన ఇళ్లలో ఒక్కరూ చదవలేదు. సెలవుల్లో కూర్చుని ఒక్కో వ్యాసం సారాంశం తెలుగులో పెడదామనుకున్నాం. మొదట పట్టుకున్నది 2003లో అమెరికన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో వచ్చిన వ్యాసం. తూమస్ కివిసిల్డ్, ఆయనతో పనిచేసినవాళ్లు చెంచుల, కోయల జన్యువులను ఆరు కుల సమూహాలతో పోల్చి రాసింది అది.

అందులో ఒక్క వాక్యం దగ్గర మేము బోల్తాపడ్డాం. దాని వెనక విషయం ఇది. తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోమ్‌లో కొన్ని గుర్తులుంటాయి. ఒకే గుర్తులున్నవాళ్లను ఒక గుంపుగా లెక్కేస్తారు. ఆర్1ఏ అలాంటి ఒక గుంపు. దాన్ని అంతకుముందు బయటి నుంచి వచ్చిన ఇండో-ఆర్యులతో ముడిపెట్టేవాళ్లు. ఈ వ్యాసం చూసినవాటిలో అది పంజాబులో అన్నిటికంటే ఎక్కువగా ఉంది, కానీ చెంచుల్లో కూడా 26 శాతం కనిపించింది. పైగా ఆ గుంపు లోపలి వైవిధ్యం యూరప్, మధ్య ఆసియాల కంటే భారత్, ఇరాన్‌లలో ఎక్కువగా ఉంది. వైవిధ్యం ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆ గుంపు పాతదై ఉంటుందని వాళ్ల ఆలోచన. ఈ రెండూ చెప్పి, ఆ గుంపుకి దక్షిణ, పశ్చిమ ఆసియా మూలం కావచ్చన్న మాట రాశారు. ఆ మాటకి ముందు ‘సజెస్ట్స్’ ఉంది, మధ్యలో ‘మైట్ బి’ ఉంది.

మేము రాసింది: “ఆర్1ఏ పుట్టింది మన దగ్గరేనని పరిశోధనలో రుజువైంది.”

కావాలని చేయలేదు. పేపర్లో రోజూ చదివే భాష అదే కదా: ‘అధ్యయనంలో తేలింది’, ‘శాస్త్రవేత్తలు తేల్చేశారు’. చెయ్యి దానికే అలవాటు పడింది. సజెస్ట్స్ పోయి రుజువైంది వచ్చింది. మైట్ మాయమైంది. పశ్చిమ ఆసియా కూడా కొట్టుకుపోయి ‘మన దగ్గరే’ మిగిలింది. లైకులు మాత్రం బాగా వచ్చాయి.

కొన్నాళ్లకు ఒక సీనియర్ అన్న కామెంట్ పెట్టాడు. 2019లో సైన్స్ పత్రికలో ఇంకో పెద్ద పరిశోధన వచ్చింది, చూశారా అని. 523 మంది ప్రాచీన మనుషుల అవశేషాల నుంచి తీసిన డీఎన్‌ఏ మీద చేసిన పని అది. స్టెప్పీ గడ్డిభూముల పశుపాలకుల వంశం క్రీస్తుపూర్వం 2000కి, 1500కి మధ్య మన ఉపఖండంలోకి వచ్చిందని అది బలమైన ఆధారాలు చూపింది. ఆర్1ఏ ఇక్కడికి రావడాన్ని ఇప్పుడు ఎక్కువమంది ఆ వలసతోనే కలిపి చూస్తున్నారు. 2003లో చేతిలో ఉన్నది బతికున్నవాళ్ల డీఎన్‌ఏ మాత్రమే. తర్వాత పాత ఎముకలు మాట్లాడాయి.

గూడెంలో మా పోస్టు చదివించుకుని విన్న పెదనాయనకి ఈ సంగతి చెప్పాం. ఆయన ఒకటే అడిగాడు: “అయితే ఆ రాసినోళ్లు అబద్ధం చెప్పారా, మీరు చెప్పారా?”

వాళ్లు చెప్పలేదు. ‘కావచ్చు’ అన్నవాళ్లు, అది కాకపోయినా అబద్ధం చెప్పినట్టు కాదు. ‘రుజువైంది’ అన్నది మేమే.

సిగ్గేసి పోస్టు మార్చాం. ఈసారి భయంతో అటువైపు పడిపోయాం: “బహుశా దక్షిణ, పశ్చిమ ఆసియా దీనికి మూలం అయి ఉండవచ్చునేమోనని అంటున్నారట.” పెదనాయన నవ్వాడు. “ఇంత అనుమానమున్నోళ్లు ఎందుకు రాశార్రా?” అన్నాడు. ఆ మాట మొదటి మాట కంటే గట్టిగా తగిలింది. రాసినవాళ్లు గాల్లో ఊహించలేదు. లెక్కలు చూసి, ఆ లెక్కలు ఎటు మొగ్గుతున్నాయో చెప్పారు. మా రెండో వాక్యంలో ఆ లెక్కల బరువంతా పోయింది, పుకారు మిగిలింది.

పెదనాయన అడవిలో పులుల సంరక్షణ కోసం వాచర్‌గా చేశాడు. మేము దారి కనుక్కున్నది ఆయన మాటల్లోనే. పొద్దున్నే బాటమీద అడుగు చూసి ఆయన ఎట్లా చెబుతాడో గుర్తు తెచ్చుకున్నాం. కళ్లారా చూస్తే “పులి పోయింది” అంటాడు. అడుగు చూసి, అంచులు చెదరలేదని, మీద ఆకు రాలలేదని గమనిస్తే “రాత్రి పోయినట్టుండాది” అంటాడు. అడుగు లేదు, కానీ అది నీళ్లకు దిగే దారే అయితే “పోయి ఉండొచ్చు” అంటాడు. ఏ ఆధారమూ లేక మనసులో అనుమానమే ఉంటే “పోయిందేమో”. ఇంకొకరు చెప్పగా విన్నదైతే “పోయిందంట”. ఐదు మాటలు, ఐదు రకాల బాధ్యత. ఒకదాని బదులు ఇంకొకటి అంటే పక్కనున్నోళ్ల ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ఆయన కలపడు.

ఇంగ్లీషు వ్యాసాల్లో సజెస్ట్ అంటే చాలాసార్లు ఆ రెండో మాటే. అడుగుంది, దాన్ని బట్టి చెబుతున్నాను, కానీ జంతువును చూడలేదు. కాబట్టి తెలుగులో ‘అయినట్టుంది’, రాతలో అయితే ‘అయినట్లు కనిపిస్తోంది’, ‘అనిపిస్తోంది’. మే, మైట్ అంటే మూడో మాట, ‘కావచ్చు’, ‘అయి ఉండవచ్చు’. ‘ఏమో’లో ఆధారం ఉండదు, అనుమానమే ఉంటుంది. ‘అట’లో ఇంకొకరి నోటి మాట అని, నాకు పూచీ లేదని వినిపిస్తుంది. లెక్క చూపించి రాసిన వ్యాసానికి ఆ రెండూ పనికిరావు.

సజెస్ట్‌కి చాలామంది ‘సూచిస్తోంది’ వాడతారు. తప్పు కాదు. కానీ మన ఊళ్లో ‘డాక్టరు సూచించాడు’, ‘అధికారులు సూచించారు’ అంటే ఇలా చెయ్యమని చెప్పారని అర్థం. ‘ఫలితాలు సూచిస్తున్నాయి’ అని రాస్తే, మా చెల్లి ఒకతె ‘ఏం చెయ్యమని?’ అని అడిగింది. అందుకే ఆ మాట తగ్గించాం.

మైట్‌కి, మేకి వేర్వేరు తెలుగు మాటలు వెతుకుతూ ఒక రోజంతా పోగొట్టుకున్నాం. మైట్ ఇంకొంచెం మెత్తన అని ‘బహుశా’ తగిలించాం. తర్వాత తీసేశాం. రాసేవాళ్లలో ఎక్కువమంది ఆ రెంటినీ అంత కొలిచి వాడరు. మూలంలో లేని మెట్టు మనం కట్టకూడదు. చూడాల్సిన తేడా ఇంకొకటుంది. ‘మే కమ్’ అంటే రావచ్చు, ‘మే హావ్ కమ్’ అంటే వచ్చి ఉండవచ్చు. మొదటిది ఇక ముందు సంగతి, రెండోది జరిగిపోయిన దాని మీద ఊహ. ‘మే’ అనుమతి కూడా కావచ్చు. మన ‘వచ్చు’కీ అదే జబ్బుంది: ‘నమూనాలు తీసుకోవచ్చు’ అంటే తీసుకోనిస్తారనా, తీసుకుంటారేమోననా? అలాంటి చోట వాక్యం విప్పి రాయాలి.

ఇంకో చిక్కు మన వాక్యం అమరికలోనే ఉంది. ఇంగ్లీషులో సజెస్ట్స్ ముందొస్తుంది, సంగతి తర్వాత వస్తుంది. చదివేవాడు ముందే జాగ్రత్త పడతాడు. మనకు క్రియ చివర్లో కదా. నాలుగు లైన్ల వాక్యం చదివి నమ్మేశాక ‘అనిపిస్తోంది’ వస్తుంది. షేర్ చేసేవాళ్లు తోక కత్తిరిస్తే అదీ పోతుంది. అందుకని పొడుగు వాక్యాన్ని రెండు చేశాం, ఆధారాన్ని ముందు పెట్టాం. ఇప్పుడు పోస్టులో ఉన్నది ఇది:

“ఆర్1ఏ చెంచుల్లో 26 శాతం ఉంది. దాని లోపలి వైవిధ్యం యూరప్, మధ్య ఆసియాల కంటే భారత్, ఇరాన్‌లలో ఎక్కువ. ఈ రెంటినీ బట్టి చూస్తే, దీనికి దక్షిణ, పశ్చిమ ఆసియా మూలం కావచ్చునని అనిపిస్తోంది.”

మొదటి రెండు వాక్యాల్లో ‘ఉంది’, ‘ఎక్కువ’ అని గట్టిగానే చెప్పాం. ఎందుకంటే అవి కొలిచి చూసినవి, మూలంలో కూడా అక్కడ అనుమానం మాటలు లేవు. మెత్తదనం మూడో దాంట్లోనే. అందులో సజెస్ట్‌కి ‘బట్టి చూస్తే’, ‘అనిపిస్తోంది’ కలిసి ఒక జత, మైట్‌కి ‘కావచ్చు’. మూలంలో రెండున్నాయి, ఇక్కడా రెండే.

సరిపోయిందా లేదా అని చూడటానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంగ్లీషు బాగా వచ్చిన ఆ సీనియర్ అన్నకి మూలం ఇచ్చి, రూపాయికి ఎన్ని అణాలు నమ్ముతావని అడిగాం. తొమ్మిదన్నాడు. మూలం చూడని గూడెం వాళ్లకి మా తెలుగు చదివి వినిపించి అదే అడిగాం. మొదటి పోస్టుకి పదహారణాలు. రెండోదానికి రెండు. ఇప్పటిదానికి ఎనిమిది, తొమ్మిది, ఒకరు పది. ఇదేం శాస్త్రం కాదు. మనకు నచ్చిన కబురైతే అణాలు వాటంతట అవే పెరుగుతాయి, అది కూడా చూశాం. అందుకే ఇప్పుడు పెదనాయన ప్రశ్న కూడా కలిపి అడుగుతున్నాం: రేపు ఇది కాదని తేలితే, రాసినోళ్లు అబద్ధం చెప్పినట్టా? ‘అవును’ అని జవాబొస్తే, మూలంలో అంత గట్టి మాట ఉందో లేదో వెళ్లి చూస్తాం. లేకపోతే తప్పు మాదే.

అదే వ్యాసంలో ఇంకో వాక్యం ఇంకా తెగలేదు. దక్షిణాసియాలో మొదట స్థిరపడ్డవాళ్లను తర్వాత వచ్చినవాళ్లు మొత్తంగా తుడిచేయలేదని, అక్కడా సజెస్ట్ పెట్టే చెప్పారు. “పూర్తిగా తుడిచేయలేదు” అని రాస్తే ‘కొంత తుడిచారు, కొంత మిగిలింది’ అని ఇద్దరు విన్నారు, ‘అసలు తుడవనే లేదు’ అని ఇద్దరు విన్నారు. ప్రస్తుతానికి “తర్వాత ఎవరొచ్చినా, మొదటివాళ్ల వంశం కొంతైనా మిగిలినట్టు కనిపిస్తోంది” అని పెట్టాం. ఇంకా మంచి మాట మీ ఇళ్లలో పెద్దవాళ్ల నోట ఉంటే కామెంట్లో రాయండి. రాసేటప్పుడు వాళ్లన్నది ‘పోయింది’నా, ‘పోయినట్టుండాది’నా, సరిగ్గా విని రాయండి.