ఫోన్‌లో ఉన్న చాట్ ల్యాప్‌టాప్‌లో ఎందుకు లేదు?

కోయిలకుంట్ల హాస్టల్లో మా రూములో జరిగింది రాస్తున్నాం, మీకూ పనికొస్తుందని.

స్కాలర్‌షిప్ కాగితాలకు మరుసటి రోజే ఆఖరు. మాలో ఒకడు తండాకు పోయినాడు, ఫోన్ వాడి దగ్గరే ఉంది. కాల్ చేస్తే, "ల్యాప్‌టాప్‌లో నా వాట్సాప్ ఓపెన్‌లోనే ఉంటాది, మా మామ చాట్‌లో పోయినేడు పంపిన కుల సర్టిఫికెట్ ఫోటో ఉంది, తీసుకోండి" అన్నాడు. చూస్తే లిస్టులో మామ చాటే లేదు! ముందురోజు ఆ ల్యాప్‌టాప్ వాడింది ఒక జూనియర్ తమ్ముడు. మేమంతా వాని మీద పడినాం. "నేను ముట్టనే లేదన్నా" అని ఏడ్చినంత పనిచేసినాడు.

తండాలో ఉన్నోడు ఫోన్‌లో చూస్తే చాట్ అట్లనే ఉంది. ఎవరైనా ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేసుంటే, మామూలుగా ఫోన్‌లోనూ పోతుంది. అంటే తమ్ముడి తప్పేం లేదు.

మరి ఎందుకిట్ల? జీమెయిల్‌లో ఉత్తరాలు కంపెనీ సర్వర్లోనే ఉంటాయి, ఏ మెషీన్‌లో తెరిచినా అదే లిస్టు. వాట్సాప్ అట్ల కాదు. మెసేజ్ మనకు చేరినాక సర్వర్లో ఉండదు; చేరకపోతే 30 రోజుల దాకా మాత్రం ఆగుతుంది. 2021 నుంచి వచ్చిన పద్ధతిలో ఫోన్‌కు ఒక తాళం, ల్యాప్‌టాప్‌కు వేరే తాళం. పంపేవాళ్ల ఫోనే ఒక్కో మెషీన్‌కు విడివిడిగా తాళం వేసి పంపుతుంది. అందుకే కొత్త మెసేజ్‌లు రెండింటికీ వస్తాయి. పాతవి మాత్రం, ల్యాప్‌టాప్‌ను లింక్ చేసిన రోజు ఫోన్ ఒక మూట కట్టి ఇస్తుంది. ఆ మూటలో ఈమధ్య చాట్లే ఉంటాయి, అన్నీ ఉండవు. మావాడు లింక్ చేసి వారమే అయింది, మామతో మాటలు ఏడాది కిందటివి.

వాడు ఆ ఫోటోను తనకు తానే పంపుకున్నాడు. నిమిషంలో ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది, ప్రింట్ తీసినాం. తర్వాత మామ "అందిందా?" అని మెసేజ్ పెడితే, లేని చాట్ లిస్టులో పైనే ప్రత్యక్షమైంది. లోపల మాత్రం ఆ ఒక్క మాటే, పాత ఫోటో లేదు.

మీకూ ఇట్లయితే మొదట ఫోన్‌లో చూడండి. తర్వాత ఫోన్‌లో `Linked devices` తెరిచి, ఆ ల్యాప్‌టాప్ కింద చివరిగా ఎప్పుడు పనిచేసిందో చూడండి. చాలా రోజులైతే నెట్ లేక వెనకబడి ఉండొచ్చు. ఫోన్‌ను 14 రోజులు వాడకపోతే ల్యాప్‌టాప్ లాగౌట్ అవుతుంది. మళ్లీ లింక్ చేస్తే ఇంకో మూటే వస్తుంది. కాబట్టి సర్టిఫికెట్లను చాట్‌లో వదిలేయకుండా వేరేచోట కూడా దాచుకోండి.

తమ్ముడికి మేమందరం సారీ చెప్పినాం. రెండు రోజులు మాతో మాట్లాడలేదు.